“ఈ పేపర్లు కూడా సైట్ చేయండి”: రివ్యూయర్ అడిగినప్పుడు ఏం చేయాలి?

(పరిశోధక విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

2024లో ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ హైడ్రోజన్ ఎనర్జీలో వచ్చిన ఒక పేపర్‌లో ఒక వాక్యం ఉంది. దాన్ని తెలుగులో చెబుతాను: “రివ్యూయర్లు గట్టిగా అడిగారు కాబట్టి ఇక్కడ కొన్ని రిఫరెన్సులు ఇస్తున్నాం, వీటికీ ఈ పనికీ ఏమాత్రం సంబంధం లేకపోయినా.” ఆ వాక్యంలో 35వ నంబరు నుంచి 47వ నంబరు దాకా, మొత్తం 13 రిఫరెన్సులు ఉన్నాయి. వాక్యం అలాగే అచ్చయింది.

ఆ రచయితలు అడిగిన పని చేశారు, తాము ఎందుకు చేస్తున్నామో కూడా అక్కడే రాసేశారు. మామూలుగా రెండో సగం ఎవరూ రాయరు. 13 రిఫరెన్సులూ నిశ్శబ్దంగా పేపర్‌లోకి వెళ్లిపోతాయి, చదివేవాళ్లకు అవి ఎలా వచ్చాయో తెలియదు. నేను ఈ రోజు మాట్లాడేది ఆ నిశ్శబ్దంగా వెళ్లిపోయేవాటి గురించి.

నా సంగతితోనే మొదలుపెడతాను. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో నా మొదటి పేపర్‌కు రివ్యూ వచ్చింది. మొదటి రివ్యూయర్ రెండు పేజీలు రాశారు, కష్టమైన ప్రశ్నలు వేశారు. రెండో రివ్యూయర్ నాలుగు పాయింట్లే రాశారు. మూడు చిన్నవి. నాలుగోది ఇలా ఉంది: “ఉపోద్ఘాతంలో ఇటీవలి పరిశోధనలు సరిగా ప్రతిబింబించలేదు. ఈ కింది పేపర్లను చేర్చాలి.” కింద 11 పేపర్ల జాబితా. మొదటి రచయితలు వేర్వేరు మనుషులు, జర్నళ్లు కూడా వేర్వేరు. కానీ రచయితల పేర్లు పూర్తిగా చదివితే 11 పేపర్లలోనూ ఒక పేరు ఉంది. రివ్యూయర్ పేరు మాకు చెప్పరు కదా, అయినా అర్థమైపోయింది.

నాకు విపరీతమైన టెన్షన్. ఆ పేపర్ ఆమోదం పొందితేనే నా ఫెలోషిప్ ముందుకు సాగుతుంది. 11 పేపర్లూ తెరిచి చూశాను. రెండింటికి మా పద్ధతితో నిజంగానే సంబంధం ఉంది. మిగతా తొమ్మిదింటికి లేదు. అయినా ఉపోద్ఘాతం మొదటి పేరాలో ఒక వాక్యం కలిపాను: “ఈ రంగంలో ఇటీవల అనేక పరిశోధనలు జరిగాయి [14–24].” రివ్యూయర్‌కు ధన్యవాదాలు కూడా రాశాను. మూడు వారాల్లో పేపర్ ఆమోదం పొందింది.

చాలా ఏళ్ల తర్వాత ఒక విద్యార్థి నాకు మెయిల్ రాసింది. మా పేపర్ చదివి, అందులోని 19వ రిఫరెన్స్ పట్టుకుని వారం రోజులు వెతికిందట. మా పద్ధతికి ఆధారం ఆ పేపర్‌లో ఉందనుకుంది. “సార్, మీరు ఆ పేపర్ నుంచి ఏం తీసుకున్నారో నాకు దొరకలేదు, చెబుతారా?” అని అడిగింది. ఏమీ తీసుకోలేదని రాయాల్సి వచ్చింది. రిఫరెన్స్ అంటే చదివేవాళ్లకు దారి చూపించడం. నేను ఆ అమ్మాయిని లేని దారిలోకి పంపాను.

ఇలాంటి జాబితా ఒక్కటి చూస్తే పెద్ద విషయంగా కనిపించదు. లెక్క వేయండి. ఒక మనిషి ఏడాదికి 20 పేపర్లు రివ్యూ చేసి, ప్రతిదానికీ తన పేపర్లు పదేసి చేర్పిస్తే ఏడాదికి 200 సైటేషన్లు వస్తాయి. వాటిని తక్కువ సైటేషన్లున్న పేపర్ల మీద సరిగ్గా పంచితే హెచ్-ఇండెక్స్ కూడా పెరుగుతుంది. హెచ్-ఇండెక్స్ 20 అంటే, కనీసం ఇరవయ్యేసి సైటేషన్లున్న పేపర్లు 20 ఉన్నాయని. 19 సైటేషన్ల దగ్గర ఆగిపోయిన పేపర్‌కు ఒక్కటి తగిలినా ఆ అంకె కదలవచ్చు. అందుకే బలవంతపు జాబితాల్లో ఎవరికీ పెద్దగా తెలియని పేపర్లు ఎక్కువగా కనిపిస్తాయి. గొప్ప పేపర్‌ను ఎలాగూ అందరూ సైట్ చేస్తారు, దాన్ని అడిగి చేర్పించుకోవాల్సిన అవసరం లేదు.

ఇది ఎంత విస్తారంగా ఉందో చెప్పడానికి రెండు అధ్యయనాలు పనికొస్తాయి. రెండూ కొలిచింది వేర్వేరు విషయాలను. 2012లో సైన్స్ పత్రికలో విల్‌హైట్, ఫాంగ్ అనే ఇద్దరు ఒక సర్వే ప్రచురించారు. అర్థశాస్త్రం, సామాజిక శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, వ్యాపార రంగాల్లో 6,672 మంది జవాబిచ్చారు. అయిదుగురిలో దాదాపు ఒకరు తమ మీద ఒత్తిడి వచ్చిందని చెప్పారు. అక్కడ ఒత్తిడి చేసినవాళ్లు ఎడిటర్లు: “మా జర్నల్‌లో వచ్చిన పేపర్లను ఇంకొన్ని సైట్ చేయండి” అని, ఏ పేపర్ ఎందుకో చెప్పకుండా అడిగేవాళ్లు. రెండోది 2019లో ఎల్సెవియర్ సంస్థకు చెందిన ఇద్దరు విశ్లేషకులు చేసినది. తమ జర్నళ్లకు పనిచేసిన దాదాపు 55,000 మంది రివ్యూయర్లను చూశారు. వాళ్లు రివ్యూ చేసిన పేపర్లలో వాళ్ల సొంత పేపర్లే పదేపదే కనిపిస్తున్నవాళ్లు 0.79 శాతం. వందకు ఒకరు కూడా కాదు. కానీ రివ్యూయర్ ఒకసారి రాసి ఊరుకోడు. ఆ ఒక్క మనిషి చేతిలోంచి ఏడాదికి ఎన్ని పేపర్లు వెళ్తాయో అంతమందికి ఈ అనుభవం అవుతుంది.

ఇది బయటపడటం ఎందుకంత కష్టమో చెప్పడానికి బయోఇన్ఫర్మాటిక్స్ అనే జర్నల్‌లో జరిగిన సంగతి చెబుతాను. 2019లో ఆ జర్నల్ ఎడిటర్లే దాన్ని రాసి ప్రచురించారు, ఆ రివ్యూయర్ పేరు మాత్రం అందులో రాయలేదు. అనుమానం వచ్చాక ఆ ఒక్క మనిషి రాసిన రివ్యూలన్నీ తీసి పక్కపక్కన పెట్టారు. ప్రతి రివ్యూలోనూ సగటున 35 రిఫరెన్సులు చేర్చమని అడిగాడు. వాటిలో 90 శాతం దాకా అతని సొంత పేపర్లే. ఆ జర్నల్ అతన్ని ఇక రివ్యూలకు పిలవకూడదని నిర్ణయించింది.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించింది “పక్కపక్కన పెట్టారు” అన్న మాట. రచయితకు కనిపించేది ఒక్క రివ్యూ. ఆ పేపర్‌ను చూస్తున్న ఎడిటర్‌కూ అప్పటికి కనిపించేది అదే. వేరే ఎడిటర్ దగ్గరికి వెళ్లిన మరో పేపర్‌లో అదే మనిషి అదే జాబితా పెట్టాడని ఈ ఎడిటర్‌కు తెలియదు. కాబట్టి ఒక్కో రివ్యూ విడిగా “కాస్త అతి చేస్తున్నాడు” అన్నట్టే కనిపిస్తుంది, అక్కడితో వదిలేస్తారు. రచయితలు ఫిర్యాదు చేయకపోతే ఆ రివ్యూలను కలిపి చూడాల్సిన కారణం జర్నల్‌కు ఎప్పుడూ రాదు.

మరి మన సొంత పేపర్లను మనం సైట్ చేసుకోవడం సంగతి ఏమిటి? దీని గురించి అనవసరంగా భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక ప్రయోగాన్ని అయిదేళ్లుగా కొనసాగిస్తున్న మనిషి మొన్నటి పేపర్‌లో చెప్పిన పద్ధతిని ఈ పేపర్‌లో మళ్లీ వాడితే, పాత పేపర్‌ను సైట్ చేసి తీరాలి. చేయకపోతే అది కొత్త పద్ధతి అని చదివేవాళ్లు అనుకుంటారు, అదే తప్పు. 2019లో జాన్ యోవానిడిస్ అనే పరిశోధకుడి బృందం ఎక్కువ సైటేషన్లున్న లక్ష మంది శాస్త్రవేత్తల సమాచారం విడుదల చేసింది. అందులో సెల్ఫ్ సైటేషన్ల మధ్యస్థ విలువ 12.7 శాతం. అదే జాబితాలో 250 మందికి పైగా మనుషులకు వచ్చిన సైటేషన్లలో సగానికి మించి వాళ్ల దగ్గర నుంచో, వాళ్ల సహ రచయితల దగ్గర నుంచో వచ్చాయి. సగానికి మించిన అంకె చూస్తే అనుమానించాల్సిందే. కానీ 15 శాతం ఉందనో 20 శాతం ఉందనో ఎవరినీ నిందించలేం. చిన్న రంగంలో పనిచేసేవాళ్లకు, నలుగురే ఉన్న చోట, అది సహజంగానే పెరుగుతుంది.

శాతం కంటే వాక్యాన్ని చూడమని నేను చెబుతాను. ఆ రిఫరెన్స్ తీసేయండి. వాక్యంలో ఏదైనా ఆధారం పోయిందా? “శాంపిళ్లను ముందు చెప్పిన విధంగా సిద్ధం చేశాం” అన్న చోట రిఫరెన్స్ తీసేస్తే చదివేవాడికి ఎలా సిద్ధం చేశారో తెలియదు. అది ఉండాలి. “ఈ రంగంలో అనేక పరిశోధనలు జరిగాయి” అన్న చోట తీసేస్తే ఏమీ పోదు. నా 14–24 సరిగ్గా అలాంటిదే. రివ్యూయర్ ఒత్తిడితో చేరినవి దాదాపు ఎప్పుడూ ఇలాంటి ఖాళీ వాక్యంలోనే, గుంపుగా, వరస నంబర్లతో ఉంటాయి. ఎందుకంటే రచయితకు వాటిని పెట్టడానికి వేరే చోటు దొరకదు. ప్రీప్రింట్ ఉన్న పేపర్ అయితే ఇంకా తేలిక. ప్రీప్రింట్‌నూ అచ్చయిన పేపర్‌నూ పక్కన పెట్టి చూస్తే, రివ్యూ తర్వాత ఏ రిఫరెన్సులు కొత్తగా వచ్చాయో, వాటిలో ఒకే పేరు ఎన్నిసార్లు ఉందో కనిపిస్తుంది.

ఇక సైటేషన్ కార్టెల్. ఇది ఒకరికొకరు సైటేషన్లు ఇచ్చుకునే ఏర్పాటు. దీన్ని అర్థం చేసుకోవాలంటే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎలా లెక్కిస్తారో ఒక్క నిమిషం చూడాలి. 2010 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కావాలంటే, ఆ జర్నల్‌లో 2008, 2009లో వచ్చిన వాటికి 2010లో ఎన్ని సైటేషన్లు వచ్చాయో లెక్కపెట్టి, ఆ రెండేళ్లలో వచ్చిన పేపర్ల సంఖ్యతో భాగిస్తారు. అంటే 2007 పేపర్‌కు ఎన్ని సైటేషన్లు వచ్చినా దీనికి పనికిరాదు. ఆ రెండేళ్ల కిటికీలో పడినవే లెక్కలోకి వస్తాయి.

2010లో మెడికల్ సైన్స్ మానిటర్‌లో ఒక సమీక్షా వ్యాసం వచ్చింది. అందులో 490 రిఫరెన్సులు. వాటిలో 445 సెల్ ట్రాన్స్‌ప్లాంటేషన్ అనే ఒకే జర్నల్‌కు చెందినవి, అన్నీ 2008, 2009 పేపర్లే. మిగిలిన 45లో 44 రిఫరెన్సులు వ్యాసం అచ్చయిన మెడికల్ సైన్స్ మానిటర్‌వే, అవి కూడా ఆ రెండేళ్లవే. నలుగురు రచయితల్లో ముగ్గురు సెల్ ట్రాన్స్‌ప్లాంటేషన్ ఎడిటోరియల్ బోర్డు సభ్యులు. అదే ఏడాది ద సైంటిఫిక్ వరల్డ్ జర్నల్‌లో ఇంకో సమీక్షా వ్యాసం వచ్చింది. అందులో 124 రిఫరెన్సులుంటే 96 మళ్లీ సెల్ ట్రాన్స్‌ప్లాంటేషన్‌వే, మళ్లీ 2008, 2009వే.

రెండు వ్యాసాలు కలిపి 541 సైటేషన్లు. 2010కి సెల్ ట్రాన్స్‌ప్లాంటేషన్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 6.204గా వచ్చింది. ఈ 541 తీసేస్తే 4.082కి పడిపోతుంది. అంటే ఆ అంకెలో దాదాపు మూడో వంతు రెండు వ్యాసాల నుంచే వచ్చింది. 2012లో ఫిల్ డేవిస్ అనే పరిశీలకుడు ఈ లెక్కను బయటపెట్టాడు. ఆ తర్వాత సైంటిఫిక్ వరల్డ్ జర్నల్ అలాంటి రెండు వ్యాసాలను ఉపసంహరించుకుంది.

ఇక్కడ ఇంకో జర్నల్‌ను వాడుకోవడానికి కారణం ఉంది. ఆ 445 సైటేషన్లను సెల్ ట్రాన్స్‌ప్లాంటేషన్ తనలోనే అచ్చు వేసుకుని ఉంటే జర్నల్ సెల్ఫ్ సైటేషన్‌గా లెక్కలో పడేవి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇచ్చే సంస్థ ఆ నిష్పత్తిని గమనిస్తుంది, హద్దు మీరిన జర్నళ్లను జాబితా నుంచి ఆపేస్తుంది. పక్క జర్నల్ నుంచి వస్తే ఆ లెక్కలో కనిపించదు. సెల్ఫ్ సైటేషన్‌ను గమనించడం మొదలయ్యాక ఒప్పందాలకు దారి తెరుచుకుంది. గుర్తుపట్టే గుర్తు మాత్రం ఆ రెండేళ్ల కిటికీయే. నిజంగా ఒక రంగాన్ని సమీక్షించే వ్యాసంలో పాత మూల పేపర్లు ఉంటాయి, నిన్నటివి ఉంటాయి, పది జర్నళ్లవి ఉంటాయి. రిఫరెన్సులన్నీ సరిగ్గా రెండేళ్లలోనే, ఒకే జర్నల్‌లోనే పడ్డాయంటే వాటిని ఎంచింది విషయం కాదు, క్యాలెండర్.

ఇక మీకు రేపు అలాంటి రివ్యూ వస్తే ఏం చేయాలన్నది. ముందుగా ఒక మాట: రివ్యూయర్ తన పేపర్‌ను సూచించడమే తప్పు కాదు. చిన్న రంగంలో మీ పేపర్‌ను రివ్యూ చేయగలిగిన మనిషి అదే విషయంలో ముందు పనిచేసినవాడే అయి ఉంటాడు. నిజాయితీగా సూచించేవాళ్లు “మీ మూడో పట్టికలోని ఫలితం ఫలానా పేపర్‌లోని ఫలితానికి విరుద్ధంగా ఉంది, దాన్ని వివరించండి” అని రాస్తారు. మీ పేపర్‌లో ఏ చోటో, ఆ పేపర్‌లో ఏముందో చెబుతారు. బలవంతం చేసేవాళ్లు చోటు చెప్పరు, కారణం చెప్పరు, జాబితా ఇస్తారు. నేను రివ్యూ చేసేటప్పుడు నా పేపర్ నిజంగా అవసరమనిపిస్తే, ఎడిటర్‌కు మాత్రమే కనిపించే గడిలో “ఇది నా పేపర్, కారణం ఇది, అడగాలో వద్దో మీరే నిర్ణయించండి” అని రాస్తాను.

జాబితా వచ్చినప్పుడు ఆ రోజే జవాబు రాయకండి. ప్రతి పేపర్‌నూ తెరవండి, సారాంశం చదివితే సరిపోదు. మీకు ఉపయోగపడేవి ఒకటో రెండో ఉంటే మొహమాటం లేకుండా చేర్చండి, వాటిని అవసరమైన వాక్యం దగ్గరే పెట్టండి. మిగతావాటి గురించి జవాబు లేఖలో ఇలా రాయవచ్చు: “సూచించిన 11 పేపర్లను చదివాం. వాటిలో 3, 7 నంబర్లు మా పద్ధతికి నేరుగా సంబంధించినవి, వాటిని నాలుగో పేజీలో చేర్చాం. మిగిలిన తొమ్మిది వేరే పదార్థాల మీద చేసినవి, మా వాదనల్లో దేనికీ అవి ఆధారం కావు కాబట్టి చేర్చలేదు. వీటిలో ఏదైనా అవసరమని ఎడిటర్ భావిస్తే, ఏ వాక్యానికో తెలియజేయగలరు.” చివరి వాక్యం ముఖ్యం. రివ్యూయర్‌తో వాదనగా ఉన్నదాన్ని అది ఎడిటర్ నిర్ణయంగా మారుస్తుంది. రివ్యూయర్ మీద ఆరోపణ ఈ లేఖలో పెట్టకండి, ఎందుకంటే అది మళ్లీ ఆ రివ్యూయర్ దగ్గరికే వెళ్తుంది. “ఈ 11 పేపర్లలో ఒకే రచయిత పేరు ఉంది” అన్న సంగతిని ఎడిటర్‌కు విడిగా, ఆయనకు మాత్రమే వెళ్లే ఉత్తరంలో రాయండి. కేవలం సైటేషన్లు పెంచుకోవడానికి సొంత పేపర్లు సూచించకూడదని కోప్ అనే ప్రచురణ నీతి సంస్థ రివ్యూయర్ల మార్గదర్శకాల్లోనే ఉంది, దాన్ని ప్రస్తావించవచ్చు.

ఇది ప్రతిసారీ పనిచేయదు. ఎడిటరే అందులో ఉంటే పనిచేయదు. జర్నల్ ఆఫ్ థియరెటికల్ బయాలజీలో అలాగే జరిగింది. ఒక ఎడిటర్ తాను చూస్తున్న పేపర్ల రచయితలతో పదుల కొద్దీ సైటేషన్లు చేర్పించాడని 2020లో ఆ జర్నల్ ముఖ్య ఎడిటర్లే ప్రకటించారు. అలాంటప్పుడు ఉత్తరం ముఖ్య ఎడిటర్‌కో, ప్రచురణ సంస్థలో నీతి విషయాలు చూసేవాళ్లకో వెళ్లాలి. రివ్యూ రిపోర్టును, తేదీలతో సహా, దాచి పెట్టుకోండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలో నుంచి ఒక విద్యార్థిని: “సార్, నేను వద్దన్నా మా గైడ్ ‘పోనీలే, చేర్చేసెయ్’ అంటే ఏం చేయాలి?”)

మంచి ప్రశ్న అమ్మా. నా 14–24 విషయంలో మా గైడ్‌గారు ఆ మాట కూడా అనలేదు, నేనే చేర్చాను, ఆయన చూసి ఊరుకున్నారు. మీ పరిస్థితి ఇంకా కష్టం. గైడ్‌తో గొడవ పడమని నేను చెప్పను, ఆ నష్టం భరించేది మీరు, నేను కాదు. ఒక పని చేయండి. ఆ పేపర్లను మీరే చదివి, ఒక్కోదానికి ఎదురుగా ఒక్క వాక్యం రాసి ఆయనకు ఇవ్వండి: ఇది మన పేపర్‌లో ఏ వాక్యానికి ఆధారం అవుతుంది అని. ఖాళీగా ఉన్న గళ్లను చూపించి “సార్, వీటిని ఎక్కడ పెట్టమంటారు?” అని అడగండి. చాలామంది గైడ్లు ఆ జాబితాను చదవకుండానే చేర్చమంటారు, చదివాక అనలేరు. అప్పటికీ చేర్చమంటే, ఎన్నింటిని తగ్గించగలరో తగ్గించండి, ఆ రిపోర్టు కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఆ పేపర్ అచ్చయ్యాక, నిర్ణయం వచ్చేశాక, ఎడిటర్‌కు రాయవచ్చు. ఆలస్యంగా వచ్చిన ఉత్తరం కూడా వాళ్లకు పనికొస్తుంది, మిగతా రివ్యూలతో కలిపి చూడటానికి.